యూనిట్ - 9: విజువలైజర్ కొటేషన్ లేఖ – పని పరిధి, సవరణల రౌండ్లు, అందజేసే ఫైళ్లు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఫోన్‌లో కుదిరిన పని: ఒక ఉదాహరణ
9.3 పని పరిధిని రాయడం
9.4 ధర ఎలా వస్తుంది?
9.5 సవరణల రౌండ్లు
9.6 అందజేసే ఫైళ్లు
9.7 నమూనా లేఖ
9.8 లేఖ పంపిన తర్వాత
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:

- ఆర్కిటెక్ట్ అడిగిన పనిని కొలవదగిన పరిధిగా రాయగలుగుతారు.
- సవరణకూ, డిజైన్ మార్పుకూ, మీ సొంత పొరపాటుకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
- చిత్రం వాడుకను బట్టి దాని పిక్సెల్ కొలతను, ఫైల్ రకాన్ని నిర్ణయించగలుగుతారు.
- ఈ మూడింటినీ కలిపి ఒక కొటేషన్ లేఖ తయారు చేయగలుగుతారు.

9.1 పరిచయం

కట్టబోయే ఇల్లు కట్టిన తర్వాత ఎలా కనిపిస్తుందో ముందుగానే చిత్రంగా చేసి చూపించే వ్యక్తిని విజువలైజర్ అంటారు. ఆర్కిటెక్ట్ ఇచ్చిన ప్లాన్, సెక్షన్, ఎలివేషన్ డ్రాయింగుల నుంచి విజువలైజర్ కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ కడతారు. దానికి రంగులు, రాయి, గాజు, వెలుతురు అద్ది, కెమెరా పెట్టి చిత్రం తీస్తారు. ఈ చివరి దశను రెండరింగ్ అంటారు. ఆ చిత్రాన్ని చూసే ఇంటి యజమాని ‘సరే, ఇలాగే కట్టండి’ అనో, ‘ఇది నాకు నచ్చలేదు’ అనో అంటారు.

ఈ పనిని చాలామంది ఏ సంస్థలోనూ ఉద్యోగం చేయకుండా ఫ్రీలాన్స్‌గా చేస్తుంటారు. నెల జీతం లేని మనిషికి కొటేషన్ లేఖే జీతం పత్రం. తాను ఏమి చేస్తానో, ఎన్నిసార్లు దిద్దుతానో, చివరకు ఏమి చేతికిస్తానో ఆ లేఖలోనే చెప్పాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి అస్పష్టంగా ఉన్నా, పని గంటలు పెరుగుతాయి కానీ డబ్బు పెరగదు. అది ఎలా జరుగుతుందో ముందు ఒక ఉదాహరణలో చూద్దాం. ఇందులోని ధరలు, గంటలు లెక్క నేర్చుకోవడానికి తీసుకున్నవే తప్ప మార్కెట్ రేట్లు కావని గమనించండి.

9.2 ఫోన్‌లో కుదిరిన పని: ఒక ఉదాహరణ

వరంగల్‌లో ఉండే ఒక విజువలైజర్‌కు కరీంనగర్ నుంచి ఒక ఆర్కిటెక్ట్ ఫోన్ చేశారనుకుందాం.

“మేడమ్, ఒక డూప్లెక్స్ ఇల్లు ఉంది. బయటి నుంచి రెండు వ్యూలు, హాలు ఒకటి కావాలి. ఎంత తీసుకుంటారు?”

“పాతిక వేలు అవుతుందండి, సార్.”

“సరే, మొదలుపెట్టండి.”

ఇద్దరూ మంచివాళ్లే. ఎవరి మనసులోనూ మోసం లేదు. విజువలైజర్ సుమారు 45 గంటల పని అనుకున్నారు. అంటే గంటకు రూ. 550 పైన పడుతుంది. ఆ తర్వాత జరిగినది చూడండి.

ఆర్కిటెక్ట్ ప్లాన్ పీడీఎఫ్ పంపారు, సెక్షన్ పంపలేదు. విజువలైజర్ అంతస్తు ఎత్తు 10 అడుగులు అనుకొని మోడల్ కట్టారు. అసలు ఎత్తు 11 అడుగులు. కిటికీలు, సజ్జలు, మెట్లు అన్నీ మళ్లీ సరిచేయవలసి వచ్చింది. తొలి చిత్రం పంపగానే ఆర్కిటెక్ట్ వాట్సాప్‌లో నాలుగు మాటలు రాశారు. మరునాడు ఇంటి యజమాని చెప్పారంటూ ఇంకో మూడు, ఆ సాయంత్రం యజమాని కొడుకు చెప్పారంటూ ముందు చెప్పినదానికి విరుద్ధంగా మరొకటి పంపారు. పోర్టికో మూడు అడుగులు ముందుకు వచ్చింది. పగటి వ్యూ బదులు సాయంత్రం దీపాలతో బాగుంటుందన్నారు. అంతా అయ్యాక, “దీన్ని బోర్డు మీద పెద్దగా ప్రింట్ వేయిస్తే మసకగా వస్తోంది, పెద్ద ఫైల్ పంపండి” అన్నారు.

చివరకు 80 గంటలు పట్టింది. గంటకు దక్కినది సుమారు రూ. 310. నష్టపోయింది ఆమె ఒక్కరే కాదు. ఆర్కిటెక్ట్ కూడా యజమానితో సమావేశాన్ని రెండుసార్లు వాయిదా వేసుకోవలసి వచ్చింది. ‘బయటి వ్యూ’, ‘మార్పులు’, ‘ఫైనల్ ఫైల్’ అనే మాటలను ఇద్దరూ వాడారు. కానీ ఆ మాటలకు ఒకరి మనసులో ఉన్న అర్థం ఇంకొకరి మనసులో లేదు. ఇప్పుడు అదే పనికి, అదే ఆర్కిటెక్ట్‌కు రాయవలసిన లేఖను ఒక్కో భాగంగా తయారు చేద్దాం.

9.3 పని పరిధిని రాయడం

పరిధి అంటే పనుల జాబితా మాత్రమే కాదు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే హద్దు. దీన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టి రాయండి.

మొదటిది, నాకు ఏమి అందాలి? మోడల్ కట్టడానికి ప్లాన్ ఒక్కటే చాలదు. ప్లాన్ పొడవు, వెడల్పు చెబుతుంది, ఎత్తు చెప్పదు. ఎత్తు సెక్షన్‌లో, ఎలివేషన్‌లో ఉంటుంది. కాబట్టి అన్ని అంతస్తుల ప్లాన్లు, కనీసం ఒక సెక్షన్, కనిపించే వైపుల ఎలివేషన్లు ఆటోక్యాడ్ ఫైళ్లుగా (.dwg) కావాలని రాయాలి. ఏ గోడకు ఏ రంగు, నేలకు ఏ రాయి, రెయిలింగ్ ఏ లోహం అనే మెటీరియల్ జాబితా కూడా అడగాలి. జాబితా లేకపోతే ఆ ఎంపికలు మీరే చేయవలసి వస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి ‘ఇది కాదు’ మీ ఖాతాలో పడుతుంది.

రెండవది, ఏమి చేసి ఇస్తాను? ‘బయటి వ్యూలు రెండు’ అని రాస్తే చాలదు. ఏ వైపు నుంచి, ఎంత ఎత్తు నుంచి, ఏ వేళ అన్నవి రాయాలి. ఉదాహరణకు: ‘వ్యూ 1: తూర్పు రోడ్డు వైపు నుంచి, మనిషి కంటి ఎత్తులో, ఉదయపు వెలుతురులో’. సాయంత్రం దీపాల చిత్రానికి వెలుతురు అంతా కొత్తగా అమర్చాలి. గది లోపలి దీపాలు కిటికీల్లోంచి కనిపిస్తాయి కాబట్టి లోపల కూడా కొంత మోడల్ కట్టాలి. అందుకే వేళ అన్నది చిన్న వివరంలా కనిపించినా, గంటల్లో పెద్ద తేడా తెస్తుంది.

మూడవది, ఇందులో ఏది లేదు? ఇరుగుపొరుగు ఇళ్ల వివరమైన మోడల్, రాత్రి వ్యూ, వీడియో, ఇంటీరియర్ డిజైన్ వంటివి పరిధిలో లేకపోతే లేవని రాయండి. హాలు చిత్రం విషయంలో ఇది మరీ అవసరం. సోఫా ఎక్కడ ఉండాలో, ఫాల్స్ సీలింగ్ ఎలా ఉండాలో నిర్ణయించడం డిజైన్ పని. ఇచ్చిన డిజైన్‌ను చిత్రంగా చూపడం విజువలైజర్ పని. ఈ గీత గీయకపోతే డిజైనర్ పని ఉచితంగా మీ మీద పడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ప్లాన్ పీడీఎఫ్ ఒక్కటే ఉన్నప్పుడు మోడల్ మొదలుపెడితే వచ్చే ప్రధాన ఇబ్బంది ఏమిటి?

9.4 ధర ఎలా వస్తుంది?

లేఖలో మొత్తం మాత్రమే కనిపించినా, దాని వెనుక మీ సొంత పుస్తకంలో గంటల లెక్క ఉండాలి. మన ఉదాహరణలో గంటకు రూ. 600 అనుకొని లెక్క వేద్దాం.

భవనం బయటి మోడల్‌కు 15 గంటలు. మొదటి బయటి వ్యూకు వెలుతురు, మెటీరియల్, చెట్లు, రోడ్డు అన్నీ అమర్చాలి కాబట్టి 11 గంటలు. రెండవ బయటి వ్యూ అదే మోడల్‌తో, అదే వెలుతురుతో వస్తుంది కాబట్టి 6 గంటలు. హాలుకు లోపలి మోడల్ కొత్తగా కట్టాలి కాబట్టి 16 గంటలు. ఇంతవరకు 48 గంటలు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. లేఖలో రెండు రౌండ్ల సవరణలు ఇస్తానని రాస్తారు కానీ వాటికి గంటలు వేయరు. ఒక్కో వ్యూకు ఒక్కో రౌండుకు ఒక గంట చొప్పున, మూడు వ్యూలకు రెండు రౌండ్లంటే మరో 6 గంటలు. మొత్తం 54 గంటలు, అంటే రూ. 32,400. ‘ఉచిత సవరణలు’ అనే మాట లేఖలో వాడకండి. అవి ఉచితం కావు, ధరలో కలిసి ఉన్నాయి. ఒక్కో వ్యూ ధరలో రెండు రౌండ్ల విలువ రూ. 1,200 కలిపితే లేఖలోని పట్టిక ఇలా వస్తుంది.

| అంశం | గంటలు | మొత్తం (రూ.) |
|---|---|---|
| భవనం బయటి మోడల్ | 15 | 9,000 |
| వ్యూ 1: బయట, తూర్పు రోడ్డు | 11 + 2 | 7,800 |
| వ్యూ 2: బయట, ఈశాన్య మూల | 6 + 2 | 4,800 |
| వ్యూ 3: హాలు | 16 + 2 | 10,800 |
| మొత్తం | 54 | 32,400 |

గంటల వరుస మీకోసం. ఆర్కిటెక్ట్‌కు పంపే పట్టికలో దాన్ని తీసివేయవచ్చు. అయితే అంశాలను మాత్రం విడివిడిగానే చూపండి. అందువల్ల వచ్చే లాభం 9.8లో తెలుస్తుంది.

9.5 సవరణల రౌండ్లు

గొడవలన్నీ ఎక్కువగా ఇక్కడే పుడతాయి. కాబట్టి రౌండ్ల గురించి రాసే ముందు పని ఏ దశల్లో నడుస్తుందో గుర్తు చేసుకోండి. ముందు రంగులు లేకుండా అంతా ఒకే తెలుపు లేదా బూడిద రంగులో చిత్రం పంపుతారు. దీన్ని క్లే రెండర్ అంటారు. ఇందులో చూడవలసినవి ఆకారం, కొలతలు, కెమెరా కోణం మాత్రమే. దీనికి ఆమోదం వచ్చాక మెటీరియల్, వెలుతురు అద్ది చిన్న సైజులో డ్రాఫ్ట్ పంపుతారు. సవరణల రౌండ్లు ఈ డ్రాఫ్ట్ మీద జరుగుతాయి. చివరకు పెద్ద సైజు ఫైనల్ చిత్రం.

క్లే రెండర్‌ను ఎందుకు తప్పనిసరి చేయాలి? రంగులు అద్దిన చిత్రంలో చూసేవారి కన్ను ముందు రంగు మీదకే పోతుంది. పిట్టగోడ ఎత్తు తప్పు ఉన్నా వెంటనే పట్టుబడదు. రంగులన్నీ కుదిరాక పట్టుబడితే, అప్పటికే చేసిన పనిలో చాలా భాగం మళ్లీ చేయాలి. తెల్ల చిత్రంలో చూడడానికి ఆకారం తప్ప మరేమీ లేదు కాబట్టి తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు రౌండు అంటే ఏమిటో లేఖలో నిర్వచించాలి. ‘ఆర్కిటెక్ట్ తరఫున ఒకే వ్యక్తి, ఒక డ్రాఫ్ట్ మీద ఉన్న అన్ని సూచనలనూ ఒకేసారి రాతపూర్వకంగా పంపడం, నేను వాటిని అమలు చేసి కొత్త డ్రాఫ్ట్ పంపడం – ఈ రెండూ కలిసి ఒక రౌండు.’ ఇందులో ‘ఒకే వ్యక్తి’, ‘ఒకేసారి’ అనే రెండు మాటలూ ముఖ్యం. యజమాని, ఆయన కొడుకు వేర్వేరుగా చెప్పిన మాటల్లో ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చవలసింది ఆర్కిటెక్ట్. ఆ తీర్పు విజువలైజర్ చేతిలో పెడితే ఇద్దరిలో ఒకరికి కోపం తప్పదు.

తర్వాత, వచ్చిన ప్రతి సూచననూ మూడు గంపల్లో ఏదో ఒకదానిలో వేయడం నేర్చుకోవాలి. మన ఇంటికే వచ్చిన నాలుగు సూచనలు చూద్దాం.

‘ముందు గోడ రాయి కాస్త లేత రంగులో ఉండాలి.’ ఆకారం మారలేదు, మెటీరియల్ ఛాయ మారింది. ఇది సవరణ, రౌండులో భాగం.

‘మొదటి అంతస్తు కిటికీ డ్రాయింగులో నేల నుంచి 2 అడుగుల 6 అంగుళాల ఎత్తులో మొదలవుతుంది, మీ మోడల్‌లో 2 అడుగులకే ఉంది.’ ఇది మీ పొరపాటు. డబ్బు లేకుండా సరిచేయాలి, రౌండుగా కూడా లెక్కించకూడదు. క్లే రెండర్ ఆమోదించారు కదా అని దీన్ని ఎదుటివారి మీదికి నెట్టకండి. డ్రాయింగుకు కట్టుబడి ఉండడం మీ బాధ్యత.

‘పోర్టికో మూడు అడుగులు ముందుకు తెచ్చాం, కొత్త డ్రాయింగ్ పంపుతున్నాం.’ క్లే ఆమోదం తర్వాత ఆకారం మారింది. ఇది డిజైన్ మార్పు. మోడల్‌లో పోర్టికో, దాని స్తంభాలు, పైనున్న బాల్కనీ సరిచేసి, రెండు బయటి వ్యూలనూ మళ్లీ చూసుకోవాలి. 5 గంటలనుకుంటే రూ. 3,000. హాలు వ్యూకు దీనితో సంబంధం లేదు కాబట్టి దానికి ఏమీ వేయకూడదు.

‘వ్యూ 1 సాయంత్రం వేళ కావాలి.’ పరిధిలో ఉదయం అని రాసి ఉంది. కాబట్టి ఇదీ మార్పే. గంటలు లెక్కవేసి, ముందుగా ధర చెప్పి, ‘సరే’ అన్న తర్వాతే మొదలుపెట్టాలి.

పరిధిని కొలతలతో, వేళలతో రాస్తేనే ఈ విభజన సాధ్యమవుతుంది. ‘మంచి బయటి వ్యూ’ అని మాత్రమే రాసి ఉంటే నాలుగవ సూచన సవరణా, మార్పా అని తేల్చడానికి ఆధారమే ఉండదు.

రెండు రౌండ్లు దాటితే ఏమిటన్నది కూడా రాయండి. అదనపు రౌండులో ఒక్క వ్యూ కోసమే ఫైల్ తెరిచి, సరిచేసి, మళ్లీ డ్రాఫ్ట్ తీయాలి కాబట్టి గంటన్నర చొప్పున రూ. 900 అనుకుందాం. కాలం విషయంలో మీ రోజులనే లెక్కించండి. ఆర్కిటెక్ట్ జవాబుకు పట్టే రోజులు మీ గడువులో కలవకూడదు. జవాబు పది రోజులు ఆలస్యమైతే చివరి తేదీ కూడా అంతే జరుగుతుందని లేఖలో ఒక వాక్యం ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
డ్రాఫ్ట్ చూసి ఆర్కిటెక్ట్ ‘బాల్కనీ గాజు రెయిలింగ్ తీసేసి, నిలువు ఇనుప కడ్డీల రెయిలింగ్ పెట్టండి’ అన్నారు. మెటీరియల్ జాబితాలో గాజు అని ఉంది. ఇది ఏ గంపలో పడుతుంది?

9.6 అందజేసే ఫైళ్లు

‘హై రిజల్యూషన్ ఫైల్ ఇస్తాను’ అన్న వాక్యానికి ఖచ్చితమైన అర్థం లేదు. చిత్రం ఎక్కడ చూపిస్తారో ముందు అడగండి. అప్పుడు కొలత దానంతట అదే వస్తుంది.

తెర మీద, టీవీలో చూపడానికి 3840 × 2160 పిక్సెళ్లు సరిపోతాయి. అదే చిత్రాన్ని ఏ1 బోర్డు మీద ప్రింట్ వేస్తే ఏమవుతుంది? ఏ1 కాగితం 841 × 594 మిల్లీమీటర్లు. పొడవు అంగుళాల్లో సుమారు 33.1. 3840ను 33.1తో భాగిస్తే అంగుళానికి 116 పిక్సెళ్లు మాత్రమే వస్తాయి. దగ్గర నిలబడి చూసే బోర్డుకు 150 అయినా ఉండాలని పెట్టుకుంటే 33.1 × 150, అంటే దాదాపు 4967 పిక్సెళ్ల పొడవు, 3508 పిక్సెళ్ల వెడల్పు కావాలి. మన ఉదాహరణలో బోర్డు మసకగా రావడానికి కారణం ఇదే.

ఇందులో ఇంకొక చిక్కు దాగి ఉంది. తెర నిష్పత్తి 16:9. ఏ సైజు కాగితాల నిష్పత్తి సుమారు 1.41:1. తెర కోసం కూర్చిన చిత్రాన్ని కాగితానికి నింపాలంటే కుడి, ఎడమ అంచులు కోయాలి. అప్పుడు చెట్టో, ప్రహరీ గోడో, ఒక్కోసారి ఇంటి మూలో పోతుంది. అందుకే కాగితం నిష్పత్తిలోనే కెమెరా పెట్టి, తెర కోసం పైన కింద కోసినా ఇల్లు చెడకుండా ఆకాశం, రోడ్డు కాస్త వదిలి కూర్చుకోవాలి. ఈ నిర్ణయం క్లే దశలోనే జరగాలి కాబట్టి వాడుక ఏమిటన్నది కొటేషన్ లేఖలోనే ఉండాలి.

పిక్సెళ్లు పెరిగితే మీ ఖర్చూ పెరుగుతుంది. 3840 × 2160 అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు; 4967 × 3508 అంటే సుమారు 174 లక్షలు. రెండరింగ్ సమయం కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. ఫైనల్ ఇచ్చేశాక పెద్ద ఫైల్ అడిగితే కంప్యూటర్ మళ్లీ అంతసేపూ నడవాలి.

ఇక ఫైల్ రకాలు. చూపడానికి, పంపడానికి జేపెగ్ (.jpg) చాలు. కానీ అది పరిమాణం తగ్గించడానికి కొంత సమాచారాన్ని వదిలేస్తుంది. ప్రింట్‌కు ఆ నష్టం లేని టిఫ్ (.tif) ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిత్రం కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా గానీ, డ్రైవ్ లింకుగా గానీ పంపండి. పొరలున్న ఫొటోషాప్ ఫైల్ (.psd) అడిగితే దానికి వేరే ధర పెట్టండి.

త్రీడీ మోడల్ ఫైల్‌ను మాత్రం పరిధిలో లేదని స్పష్టంగా రాయండి. అందులో మీరు కొన్న చెట్లు, సోఫాలు, కార్ల మోడళ్లు ఉంటాయి. వాటిని చిత్రంలో వాడుకోవడానికి లైసెన్సు ఉంటుంది గానీ, ఆ మోడల్ ఫైళ్లను వేరొకరికి ఇవ్వడానికి సాధారణంగా ఉండదు.

చిత్రం వాడుక హక్కు గురించి కూడా ఒక మాట చాలు. మన కాపీరైట్ చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. కాబట్టి ఎవరు, ఎక్కడ, ఎంతకాలం వాడుకోవచ్చో లేఖలోనే రాయడం ఇద్దరికీ మంచిది.

9.7 నమూనా లేఖ

ఇప్పటివరకు చూసినవన్నీ కలిపితే లేఖ ఇలా ఉంటుంది. ఆర్కిటెక్ట్ కార్యాలయాలతో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లిష్‌లో జరిగితే ఇదే క్రమాన్ని ఆ భాషలో రాయవచ్చు.

> ఆర్కిటెక్ట్ గారికి నమస్కారం.
>
> విషయం: కరీంనగర్ డూప్లెక్స్ ఇంటి మూడు చిత్రాలకు కొటేషన్
>
> ఫోన్‌లో మీరు చెప్పిన వివరాల ప్రకారం ఈ కొటేషన్ పంపుతున్నాను. ఇది నేటి నుంచి 15 రోజుల వరకు చెల్లుతుంది.
>
> 1. మీ నుంచి కావలసినవి: రెండు అంతస్తుల ప్లాన్లు, ఒక సెక్షన్, తూర్పు, ఉత్తర ఎలివేషన్లు (.dwg), మెటీరియల్ జాబితా, హాలు ఫర్నిచర్ లేఅవుట్, సీలింగ్ డ్రాయింగ్.
>
> 2. నేను చేసేవి: వ్యూ 1 – తూర్పు రోడ్డు నుంచి, కంటి ఎత్తులో, ఉదయం. వ్యూ 2 – ఈశాన్య మూల నుంచి, కంటి ఎత్తులో, ఉదయం. వ్యూ 3 – హాలు, ప్రవేశ ద్వారం దగ్గర నుంచి, పగలు.
>
> 3. ఇందులో లేనివి: సాయంత్రం, రాత్రి వ్యూలు, వీడియో, ఇంటీరియర్ డిజైన్, పొరుగు భవనాల వివరమైన మోడల్. ఈ చిత్రాలు నిర్మాణ డ్రాయింగులకు బదులు కావు.
>
> 4. ధర: బయటి మోడల్ రూ. 9,000, వ్యూ 1 రూ. 7,800, వ్యూ 2 రూ. 4,800; వ్యూ 3 రూ. 10,800. మొత్తం రూ. 32,400. నాకు జీఎస్టీ నమోదు లేదు కాబట్టి ఈ మొత్తంపై జీఎస్టీ వసూలు చేయను.
>
> 5. దశలు, కాలం: డ్రాయింగులు, అడ్వాన్సు రెండూ అందిన మరునాటి నుంచి 4 పనిదినాల్లో క్లే రెండర్లు. వాటికి మీ ఆమోదం అందాక 5 పనిదినాల్లో డ్రాఫ్ట్‌లు. ఒక్కో రౌండుకు 2 పనిదినాలు. చివరి ఆమోదం, మిగిలిన మొత్తం రెండూ అందాక 2 పనిదినాల్లో ఫైనల్. మీ జవాబుకు పట్టే రోజులు ఇందులో కలవవు.
>
> 6. సవరణలు: ఒక్కో వ్యూకు రెండు రౌండ్లు ధరలో కలిసి ఉన్నాయి. మీ తరఫున ఒకరే అన్ని సూచనలనూ చిత్రం మీద అంకెలు వేసి ఒకేసారి పంపడం, నేను అమలు చేసి పంపడం కలిసి ఒక రౌండు. అదనపు రౌండు వ్యూకు రూ. 900. క్లే ఆమోదం తర్వాత ఆకారం, కెమెరా, వేళ మారితే గంటకు రూ. 600, ముందుగా అంచనా చెప్పి, మీరు ఒప్పుకున్నాకే మొదలుపెడతాను. డ్రాయింగుకు భిన్నంగా నేను చేసిన పొరపాట్లను ఎప్పుడు గుర్తించినా ఉచితంగా సరిచేస్తాను.
>
> 7. అందజేసేవి: ఒక్కో వ్యూకు ఏ1 బోర్డు కోసం 4967 × 3508 పిక్సెళ్ల .tif ఒకటి, తెర కోసం 3840 × 2160 పిక్సెళ్ల .jpg ఒకటి, డ్రైవ్ లింకు ద్వారా. పొరలున్న .psd కావాలంటే వ్యూకు రూ. 1,500. త్రీడీ మోడల్ ఫైళ్లు ఇందులో లేవు. మానిటర్‌ను, ప్రింటర్‌ను బట్టి రంగుల్లో కొద్ది తేడా ఉంటుంది. పెద్ద ప్రింట్‌కు ముందు చిన్న నమూనా ప్రింట్ తీసి చూడగలరు.
>
> 8. వాడుక: పూర్తి మొత్తం అందాక ఈ చిత్రాలను మీరూ, యజమానీ ఈ ఇంటికి సంబంధించి, మీ కార్యాలయ ప్రచారంలో కాలపరిమితి లేకుండా, ఎక్కడైనా వాడుకోవచ్చు. మీ అనుమతితో నా పనుల నమూనాల్లో చూపుకుంటాను.
>
> 9. చెల్లింపు: పని మొదలుకు 40 శాతం, రూ. 12,960. డ్రాఫ్ట్‌ల చివరి ఆమోదం తర్వాత, ఫైనల్ ఫైళ్లకు ముందు రూ. 19,440.
>
> పై వివరాలు సమ్మతమైతే ఈ లేఖకు ‘అంగీకరిస్తున్నాను’ అని మెయిల్‌లో జవాబు ఇవ్వగలరు.
>
> ఇట్లు,
> (సంతకం, తేదీ)

9.8 లేఖ పంపిన తర్వాత

భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం ఒక ప్రతిపాదనకు స్వీకృతి షరతులు లేకుండా, సంపూర్ణంగా ఉండాలి (సెక్షన్ 7). ప్రతిపాదనలో చెప్పిన గడువులోగా స్వీకృతి రాకపోతే ఆ ప్రతిపాదన రద్దవుతుంది (సెక్షన్ 6). అందుకే లేఖలో 15 రోజుల గడువు పెట్టాం.

ఆర్కిటెక్ట్ ‘సరేనండి, కానీ మూడు రౌండ్లు కావాలి’ అని జవాబిచ్చారనుకోండి. ఇది స్వీకృతి కాదు, కొత్త ప్రతిపాదన. ఆ మెయిల్ చూసి పని మొదలుపెడితే మూడు రౌండ్లకూ పాత ధరకే ఒప్పుకున్నారని ఆయన అనుకోవడం సహజం. మూడు వ్యూలకు మూడవ రౌండు రూ. 2,700 కలిపి మొత్తం రూ. 35,100 అవుతుందని సవరించిన లేఖ పంపి, దానికి అంగీకారం వచ్చాక మొదలుపెట్టండి.

‘రూ. 28,000 లోపు చేయండి’ అన్నారనుకోండి. అదే పనికి ధర తగ్గిస్తే, మొదట ఎక్కువ చెప్పారన్న అర్థం వస్తుంది. అంశాలవారీ పట్టిక ఇక్కడ పనికొస్తుంది. వ్యూ 2 తీసివేస్తే మొత్తం రూ. 27,600 అవుతుందని చెప్పండి. ధర తగ్గింది, దానితో పాటు పనీ తగ్గింది. ఏది ముఖ్యమో ఆర్కిటెక్టే ఎంచుకుంటారు. అయితే వ్యూ 1ని తీసి వ్యూ 2ని ఉంచుతామంటే జాగ్రత్త పడాలి. వ్యూ 2 తక్కువ ధరకు వచ్చినది, వ్యూ 1కి చేసిన వెలుతురు, పరిసరాలను వాడుకోవడం వల్లనే. వ్యూ 1 లేకపోతే ఆ గంటలు వ్యూ 2 మీద పడతాయి.

పని నడుస్తున్నప్పుడు ప్రతి డ్రాఫ్ట్‌కూ రౌండు సంఖ్య తెలిసేలా పేరు పెట్టండి. ఉదాహరణకు `V1_R2.jpg` అంటే వ్యూ 1, రౌండు 2. ఫైల్ పంపుతూ “సార్, ఇది రెండవ రౌండు డ్రాఫ్ట్. దీనితో ధరలో కలిసిన రౌండ్లు పూర్తయ్యాయి” అని ఒక మాట రాయండి. రౌండ్లు అయిపోయిన సంగతి బిల్లు చూసినప్పుడు కాకుండా, అప్పుడే తెలిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

లేఖ చేయలేనిది కూడా ఒకటుంది. డబ్బు ఎగవేయాలనుకున్నవారిని ఏ లేఖా ఆపలేదు. మన లేఖలో ఆ పని చేసేది చెల్లింపుల క్రమం. మిగిలిన మొత్తం అందేవరకు చేతికి వెళ్లేది చిన్న సైజు డ్రాఫ్టే. అది బోర్డుకు పనికిరాదు.

9.9 సారాంశం

కొటేషన్ లేఖలోని మూడు భాగాలూ ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. పరిధిలో వైపు, ఎత్తు, వేళ రాస్తేనే ఏది సవరణో, ఏది మార్పో తేలుతుంది. రౌండును ‘ఒకే వ్యక్తి, ఒకేసారి’ అని నిర్వచిస్తేనే లెక్క నిలుస్తుంది. దాని గంటలు ధరలో వేస్తేనే నష్టం రాదు. చిత్రం వాడుక ముందే తెలిస్తేనే కెమెరా నిష్పత్తి, పిక్సెళ్లు, ఫైల్ రకం సరిగా కుదురుతాయి. డ్రాయింగుకు భిన్నంగా చేసిన సొంత పొరపాటును మాత్రం ఏ రౌండులోనూ వేయకుండా సరిచేయాలి.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. ప్లాన్ ఎత్తులు చెప్పదు. ఎత్తును ఊహించి కట్టిన మోడల్‌లో కిటికీలు, సజ్జలు, మెట్లు తర్వాత మళ్లీ చేయవలసి వస్తుంది.

2. ఇది డిజైన్ మార్పు. గాజు ఛాయ మార్చమంటే సవరణ అయ్యేది. కడ్డీల రెయిలింగ్‌కు కొత్త ఆకారం మోడల్ చేయాలి, అది కూడా క్లే ఆమోదం తర్వాత.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. సవరణ, డిజైన్ మార్పు, సొంత పొరపాటు – ఈ మూడింటి తేడాను ఉదాహరణలతో వివరించండి.
2. ఒక అపార్టుమెంటు భవనం రెండు బయటి వ్యూలకు గంటల అంచనా వేసి, కొటేషన్ లేఖ రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. క్లే రెండర్ దశలో ఏమేమి ఆమోదించాలి? ఎందుకు?
2. ఏ2 కాగితం 594 × 420 మిల్లీమీటర్లు. అంగుళానికి 150 పిక్సెళ్లతో దాని మీద ప్రింట్ వేయడానికి 3840 × 2160 చిత్రం సరిపోతుందా? పొడవు, నిష్పత్తి రెండూ లెక్కవేసి చెప్పండి.
3. షరతుతో కూడిన అంగీకారం వచ్చినప్పుడు విజువలైజర్ ఏమి చేయాలి?